14 శాతం లోను, చేతికి 20,000 తక్కువ: అసలు పడే వడ్డీ ఎంత?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. ఇంటి స్లాబు పెచ్చులూడుతోంది, మేస్త్రీ 2,90,000 అవుతుందన్నాడు. మా ఆయన పేరు మీద ద్వారకానగర్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీలో 3 లక్షల పర్సనల్ లోను అడిగాం. 14 శాతం, 36 నెలలు, ఈఎంఐ 10,253. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 8,850, ఇన్సూరెన్స్ 11,150 ముందే పట్టుకుని 2,80,000 ఖాతాలో వేస్తారట. వాళ్లిచ్చిన కేఎఫ్ఎస్‌లో, అంటే లోను ముఖ్య వివరాల కాగితంలో, ఏపీఆర్, అంటే ఛార్జీలు కూడా కలిపి పడే ఏడాది వడ్డీ, 16.12 అని ఉంది. నేనూ లెక్కేశాను. 20,000 అంటే 3 లక్షల్లో 6.67 శాతం, ఏడాదికి 2.2, దానికి 14 కలిపితే 16.2. దాదాపు సరిపోయింది. ఆయన జీతం పడే బ్యాంకులో 16 శాతం అంటున్నారు, ఫీజు 1 శాతం మీద జీఎస్టీ, ఇన్సూరెన్స్ అడగలేదు, ఈఎంఐ 10,547. ఫైనాన్స్ కంపెనీలోనే తీసుకోవచ్చా? ఇంకా సంతకం పెట్టలేదు.

సమాధానం: సంతకం పెట్టకపోవడం మంచిదైంది అండి, ఆ కాగితాన్ని అలాగే పక్కన పెట్టండి. ఆ 16.12 తప్పు. మీ 16.2 కూడా తప్పే, కానీ రెండూ దగ్గరగా వచ్చాయి కాబట్టి ఒకదానికొకటి సాక్ష్యంలా కనిపిస్తున్నాయి. మీ చేతికి 2,80,000 వచ్చి, నెలకు 10,253 చొప్పున 36 నెలలు కడితే పడే వడ్డీ ఏడాదికి 18.92 శాతం. మన దగ్గర చెప్పుకునే లెక్కలో, 14 శాతం అంటే నూటికి నెలకు రూపాయి 17 పైసలు, 18.92 అంటే రూపాయి 58 పైసలు. మీ బ్యాంకు లోనుకు ఇదే లెక్క వేస్తే 16.85 వస్తుంది. అంటే ఆ ఫైనాన్స్ కంపెనీ లోను ఇప్పుడున్న రూపంలో బ్యాంకు కంటే ఖరీదైనదే. ఇప్పుడున్న రూపంలో అని ఎందుకన్నానో చివర్లో చెప్తాను, ఎందుకంటే ఒక్క ఐటమ్ తీసేస్తే కథ తిరగబడుతుంది.

ముందు మీ లెక్క ఎక్కడ జారిందో చూద్దాం. 20,000ను మీరు 3 లక్షలతో భాగించారు. కానీ 3 లక్షల బాకీ మీ దగ్గర మూడేళ్లూ ఉండదు కదా. మొదటి ఈఎంఐ కట్టిన రోజు నుంచే అసలు తగ్గడం మొదలవుతుంది, చివరి నెలకు పదివేల చిల్లర మిగులుతుంది. 36 నెలల బాకీల సగటు తీస్తే ఈ లోనులో అది దాదాపు 1,65,000 మాత్రమే. 14 శాతం వడ్డీ కూడా ఆ తగ్గే బాకీ మీదే వేస్తున్నారు, అందుకే మూడేళ్లకు మొత్తం వడ్డీ 69,000 చిల్లరే అయింది, 3 లక్షల మీద మూడేళ్ల పాటు 14 శాతం అయితే 1,26,000 అయ్యేది. మరి వడ్డీని సగటు బాకీ మీద లెక్కేసినప్పుడు, ఛార్జీని కూడా అదే సగటు బాకీతో పోల్చాలి. 20,000ను మూడేళ్లకు పంచితే ఏడాదికి 6,667. అది 1,65,000లో 2.2 శాతం కాదు, 4 శాతం. ఇక్కడికే 18 అయిపోయింది. మిగతా 0.9 ఎందుకంటే ఆ 20,000 మీరు మూడేళ్లలో మెల్లగా ఇవ్వడం లేదు, మొదటి రోజే మొత్తం పట్టేస్తున్నారు. పైగా మీ చేతికి ఎప్పుడూ రాని ఆ 20,000 మీద కూడా 14 శాతం వడ్డీ కడుతున్నారు. మీ ఈఎంఐలో దాని వాటా నెలకు 683 రూపాయలు, 36 నెలలకు 24,600. మామూలుగా 2,80,000 లోనుకు 14 శాతం చొప్పున ఈఎంఐ 9,570 పడాలి, మీకు పడుతున్నది 10,253. తేడా ఆ 683 రూపాయలే.

చిన్న ఫీజు కూడా ఇలాగే పని చేస్తుంది. రిజర్వు బ్యాంకు కేఎఫ్ఎస్ నమూనాతో పాటు ఇచ్చిన ఉదాహరణలో 20,000 లోను, 15 శాతం వడ్డీ, 24 నెలలు, ఛార్జీలు 400 మాత్రమే. రెండేళ్లకు 2 శాతం కాబట్టి మీ పద్ధతిలో ఏడాదికి 1 కలిపి 16 అనుకుంటాం. అక్కడ ఏపీఆర్ 17.07 అని వేశారు. కలిపేది ఒకటి కాదు, రెండు దాటింది. నెలవారీ ఈఎంఐ లోను ఏదైనా గుర్తుగా ఇది పెట్టుకోండి, ముందే పట్టుకునే ఛార్జీ మామూలు లెక్కలో ఏడాదికి ఎంత కనిపిస్తుందో, వడ్డీ రేటు మీద దాని బరువు దాదాపు రెండింతలు ఉంటుంది. వడ్డీ ఎక్కువున్న లోనుల్లో ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు ఈ 18.92 నా మాట మీద నమ్మక్కర్లేదు, మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఖాళీ గడిలో ఇది కొట్టండి:

```
=RATE(36,-10253,280000)*12
```

36 అంటే నెలలు, రెండోది ఈఎంఐ, మీ జేబులోంచి పోతుంది కాబట్టి ముందు మైనస్ గుర్తు, మూడోది మీ ఖాతాలో నిజంగా పడే డబ్బు. శాంక్షన్ అయిన మొత్తం కాదు, ఖాతాలో పడే మొత్తం. జనం ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే, మూడో చోట 3,00,000 వేసేస్తారు, అప్పుడు 14 వస్తుంది, ఏజెంటు చెప్పింది నిజమే అనుకుంటారు. గడిలో 0.1892 అనో, 19% అనో కనిపించవచ్చు, దశాంశ స్థానాలు పెంచితే 18.92% అని తేలుతుంది. మైనస్ మర్చిపోతే ఎర్రర్ వస్తుంది, కంగారు పడకండి.

షీట్ తెరవడం అలవాటు లేకపోతే ఇంకో దారి ఉంది. ఏ బ్యాంకు వెబ్‌సైట్‌లోనైనా ఉండే మామూలు ఈఎంఐ కాలిక్యులేటర్ తెరిచి లోను మొత్తం 2,80,000, గడువు 36 నెలలు పెట్టండి. వడ్డీ రేటును మాత్రం మార్చుతూ పోండి. 14 దగ్గర 9,570 చూపిస్తుంది. 19 పెడితే 10,264 అవుతుంది, కాస్త ఎక్కువైంది. 18.9 పెడితే 10,250. మీ 10,253 ఆ రెంటి మధ్య పడింది, ఏపీఆర్ ఆ మధ్యనే ఉంది. ఏ లోనుకైనా, బైకు లోనుకైనా, ఇంట్లోకి ఫ్రిజ్ వాయిదాల మీద తీసుకున్నా, ఇదే పని చేస్తుంది.

మరి కేఎఫ్ఎస్‌లో 16.12 ఎక్కడి నుంచి వచ్చింది? అదే ఫార్ములాలో 2,80,000 బదులు 2,91,150 వేసి చూడండి, అంటే 3 లక్షల్లోంచి ప్రాసెసింగ్ ఫీజు 8,850 మాత్రం తీసేసిన మొత్తం. సరిగ్గా 16.12 వస్తుంది. అంటే వాళ్లు ఫీజును లెక్కలో కలిపారు, ఇన్సూరెన్సును బయట పెట్టారు. లెక్క చేతకాక జరిగింది కాదిది, ఒక ఐటమ్‌ను వదిలేయడం వల్ల వచ్చిన తేడా. చూశారా, ఒక్క ఇన్సూరెన్సే 16.12ను 18.92 చేసింది, ఫీజు కంటే అదే ఎక్కువ బరువు.

ఇలా వదిలేయడానికి వీల్లేదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ లోనులన్నిటికీ కేఎఫ్ఎస్ ఇవ్వాలి, బ్యాంకులే కాదు ఫైనాన్స్ కంపెనీలు కూడా. అందులో ఏపీఆర్ గురించి స్పష్టంగానే రాశారు. లోను ఇచ్చే సంస్థ వేసే ఛార్జీలన్నీ అందులోకి రావాలి, ఇన్సూరెన్స్, లీగల్ ఛార్జీల్లాంటివి వేరే వాళ్ల తరఫున మీ దగ్గర వసూలు చేసినా అవి కూడా ఏపీఆర్‌లో భాగమే, విడిగా చూపించాలి కూడా. ఏపీఆర్‌లోకి రానివి ఆలస్య రుసుము, చెక్కు బౌన్స్, ముందే మూసేస్తే పడే ఛార్జీ లాంటివి. అవి జరిగితేనే పడతాయి, అందుకే వాటిని వేరే చోట రాస్తారు. మీ కాగితంలో ఫీజులు, ఛార్జీలు అని ఒక పట్టిక ఉంటుంది, అందులో లోను సంస్థకు పోయేవి ఒక నిలువు వరుస, దాని ద్వారా ఇతరులకు పోయేవి ఇంకో వరుస. రెండో వరుసలో ఇన్సూరెన్స్ ఛార్జీల దగ్గర 11,150 ఉందా, సున్నా ఉందా చూడండి. సున్నా ఉంటే, ఆ 11,150 ఇంకెక్కడో, శాంక్షన్ లెటర్లోనో, విడిగా సంతకం పెట్టించే ఇన్సూరెన్స్ ఫారంలోనో ఉంటుంది. అదే సర్క్యులర్‌లో ఇంకో మాట కూడా ఉంది, కేఎఫ్ఎస్‌లో చూపించని ఏ ఛార్జీనీ లోను గడువులో మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. కాబట్టి ఆ విడి ఫారం మీద సంతకం పెట్టారంటే అంగీకారం ఇచ్చేసినట్టే. కాగితాల కట్ట ముందు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపిస్తూ సంతకాలు పెట్టించేటప్పుడు, ఆ ఒక్క కాగితం ఏదో మీ ఆయన ముందే తెలుసుకుని ఉండాలి.

ఇప్పుడు ఆఫీసుకెళ్లి ఏం అడగాలో చెప్తాను. ఒక్కటే ప్రశ్న. "ఈ ఇన్సూరెన్స్ మీ లోనుకు తప్పనిసరా, మా ఇష్టమా?" దీనికి జవాబు ఏదైనా మీకే లాభం. తప్పనిసరి అంటే, అది లోను ఖర్చే కదా, మరి ఏపీఆర్‌లో ఎందుకు లేదు, 18.92 అని కేఎఫ్ఎస్ మళ్లీ ఇవ్వండి అనండి. మీ ఇష్టం అంటే, మాకు వద్దు, తీసేసి కేఎఫ్ఎస్ మళ్లీ ఇవ్వండి అనండి. కాగితం మీద ఇష్టపూర్వకమని రాసి, నోటితో మాత్రం "ఇది లేకపోతే ఫైలు పాసవదు మేడమ్" అనడం, ఈ రెండూ ఒకేసారి కుదరవు. నోటిమాటగా చెప్తే, "ఆ మాటే మెయిల్లో పెట్టండి" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే ఇన్సూరెన్స్ పోతుంది. టెన్షన్ పడి తొందరపడాల్సిన పని లేదు, వారం లేదా అంతకంటే ఎక్కువ గడువున్న లోనుకు కేఎఫ్ఎస్ ఇచ్చాక కనీసం మూడు పని దినాలు ఆ షరతులు చెల్లుబాటులో ఉంచాలి. "ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అనే మాటకు విలువ ఇవ్వకండి. కాగితాలు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో కావాలని అడిగే హక్కు మీకుంది.

ఒక జాగ్రత్త. కొందరు "సరే మేడమ్, కట్ చేయం, లోనులోనే కలిపేస్తాం, చేతికి తగ్గదు" అంటారు. వినడానికి బాగుంటుంది. అప్పుడు లోను 3,11,150 అవుతుంది, ఈఎంఐ 381 పెరిగి 10,634 అవుతుంది, 11,150 ప్రీమియానికి మీరు 36 నెలల్లో 13,700 పైనే కడతారు. ఫీజు మారలేదనుకుంటే ఖాతాలో 2,91,150 పడుతుంది, ఏపీఆర్ 18.7 దగ్గరే ఉంటుంది. చేతికి తగ్గలేదు, ఖర్చు మాత్రం అలాగే ఉంది.

ఇన్సూరెన్సే వద్దని నేను చెప్పడం లేదు, ఈ విషయంలో తొందరపడి మాట్లాడకూడదు. మీ ఆయన జీతం మీదే ఇల్లు నడుస్తుంటే, ఆయనకు ఏదైనా అయితే ఈ బాకీ మీ మీద పడకుండా ఉండడం అవసరమే. కానీ ఈ 11,150కి ఏం వస్తోందో చూడండి. ఇలాంటి పాలసీల్లో చాలా వాటికి కవర్ కూడా బాకీతో పాటు తగ్గుతూ పోతుంది. ఏడాది తిరిగేసరికి మీ బాకీ 2,13,500 ఉంటుంది, కవర్ కూడా అంతే, మూడో ఏడాది చివరికి దాదాపు ఏమీ ఉండదు. క్లెయిము డబ్బు ముందు లోను సంస్థకు పోతుంది, మిగిలితేనే నామినీకి. ఆయనకు ఇప్పటికే టర్మ్ పాలసీ ఉంటే ఈ బాకీకి అది చాలు. లేకపోతే ఆయన వయసుకు, ఏడాదికి కొన్ని వేల ప్రీమియంతో విడిగా టర్మ్ పాలసీ ఎంత కవర్ ఇస్తుందో ఒకసారి కోట్ తీసుకుని ఈ 11,150 పక్కన పెట్టి చూడండి. నా వరకు, కుటుంబానికి కావాల్సిన ఇన్సూరెన్స్ లోను కౌంటర్ దగ్గర కొనకూడదు, అక్కడ పోల్చుకునే వీలుండదు, లోను కావాలన్న ఆత్రంలో ఉంటాం.

ఒకవేళ ఇదివరకే సంతకం పెట్టేసిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, జీవిత బీమా పాలసీ కాగితం చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది, ఆలోపు వద్దని రాసిస్తే అప్పటిదాకా ఉన్న రిస్కుకు కొంత, స్టాంపు డ్యూటీ, మెడికల్ పరీక్ష చేసి ఉంటే దాని ఖర్చు పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు. గ్రూప్ పాలసీ అయితే మీ చేతిలో ఉండేది సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్, ఫ్రీలుక్ షరతు అందులో చూడండి. చాలామంది దగ్గర ఆ కాగితమే ఉండదు. లోను తీసుకుని ఏడాదైనా ఏ కంపెనీ పాలసీయో తెలియని వాళ్లను నేను చూశాను. ఏ ఛార్జీ కట్టినా దానికి రసీదు, సంబంధిత కాగితాలు ఇవ్వాలని ఆ సర్క్యులర్‌లోనే ఉంది, అడిగి తీసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఏది తీసుకోవాలి. బ్యాంకు లోనులో ఫీజు 3,000, జీఎస్టీ 540, ఖాతాలో పడేది 2,96,460. ఫార్ములాలో వేస్తే 16.85. ఈఎంఐలు నేరుగా పోల్చకండి, 10,253 కంటే 10,547 ఎక్కువే కదా అనిపిస్తుంది, కానీ రెండు చోట్లా చేతికొచ్చే డబ్బు ఒకటి కాదు. చేతికొచ్చే ప్రతి లక్షకు ఫైనాన్స్ కంపెనీలో నెలకు 3,662 కడతారు, బ్యాంకులో 3,558. ఇంకోలా చెప్పాలంటే, చేతికి అదే 2,80,000 చాలనుకుంటే బ్యాంకులో 2,83,350 తీసుకుంటే సరిపోతుంది, ఈఎంఐ 9,962. నెలకు 291 తక్కువ, మూడేళ్లకు దాదాపు 10,500 మిగులుతుంది. పైగా మేస్త్రీకి 2,90,000 కావాలి, ఫైనాన్స్ కంపెనీ 2,80,000తో పని సగంలో ఆగుతుంది, ఆ పదివేలు మళ్లీ ఎక్కడో చేబదులు తేవాలి. సముద్రం దగ్గర స్లాబుల్లో ఊచలు తుప్పు పట్టి ఉంటాయి, కొట్టి చూస్తే గానీ అసలు ఖర్చు తెలియదు, 2,90,000 దాటే అవకాశమే ఎక్కువ.

కానీ ఇన్సూరెన్స్ తీసేస్తే, నేను ముందు చెప్పిన తిరగబడడం ఇదే. అప్పుడు ఫైనాన్స్ కంపెనీలో ఖాతాలో 2,91,150 పడుతుంది, ఈఎంఐ అదే 10,253, ఏపీఆర్ నిజంగానే 16.12. బ్యాంకు 16.85 కంటే తక్కువ. మేస్త్రీ చెప్పిన మొత్తానికి సరిపోతుంది కూడా. అంటే ఈ రెంటి మధ్య తేల్చేది 14, 16 అనే అంకెలు కాదు, ఆ 11,150 ఉందా లేదా అన్నదే.

ఇంకొక్కటి అడగాలి, మీరు ఉత్తరంలో రాయలేదు. మూడేళ్లూ కడతారా, లేక చీటీ పాడో, బోనస్ వచ్చో ముందే మూసేసే ఆలోచన ఉందా? ఏపీఆర్ పూర్తి గడువు కడతారనుకుని వేసిన అంకె. ముందే పట్టేసిన ఛార్జీ 36 నెలలకు పంచితే ఒక బరువు, 12 నెలలకే మూసేస్తే అదంతా ఆ 12 నెలల మీదే పడుతుంది. ఇన్సూరెన్స్‌తో సహా ఈ లోను తీసుకుని ఏడాదికే మూసేస్తే, మూసేటప్పుడు పడే ఛార్జీ ఏమీ లేదనుకున్నా, మీకు పడిన వడ్డీ 22.5 దాటుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా తీసుకున్నా ఏడాదికి మూసేస్తే 17.7 అవుతుంది, బ్యాంకు లోను అదే పద్ధతిలో 17.5 దగ్గర ఆగుతుంది, అంటే అక్కడ బ్యాంకే కాస్త మేలు, ఫీజు తక్కువ కాబట్టి. అందుకని రెండు చోట్లా ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంత, ఎన్ని ఈఎంఐల తర్వాత మూసేయనిస్తారు, అని కేఎఫ్ఎస్‌లోనే చూడండి. వడ్డీ రేటు ఫిక్సెడా, ఫ్లోటింగా అన్నదీ చూడండి. వ్యాపారానికి కాకుండా సొంతానికి వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు లోనులకు 2026 జనవరి 1 నుంచి మంజూరైనవైతే ముందే కట్టినందుకు ఛార్జీ వేయకూడదు. పర్సనల్ లోనులు ఎక్కువగా ఫిక్సెడ్ రేటువే ఉంటాయి, వాటికి ఈ రక్షణ లేదు. ఇన్సూరెన్స్ ఉండి లోను ముందే మూసేస్తే, మిగిలిన కాలానికి ప్రీమియంలో ఏదైనా వెనక్కి వస్తుందా అని సర్టిఫికెట్ చూసి అడగండి, అడగకపోతే దాని గురించి ఎవరూ గుర్తు చేయరు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. రేపు ఆఫీసుకెళ్లి ఇన్సూరెన్స్ తీసేసి కొత్త కేఎఫ్ఎస్ అడుగుతాను. ఖాతాలో 2,91,150 పడుతుంది, ఏపీఆర్ 16.12 అని రాసిస్తే, ఈఎంఐ మారకపోతే, మూడేళ్లూ కట్టే ఉద్దేశమే ఉంటే అక్కడే తీసుకుంటాను. తీసేయం అంటే ఇంకో మాట లేకుండా బ్యాంకుకు పోతాను. వడ్డీ రేటు ఇప్పుడు 14 బదులు 15 అవుతుంది అంటే, లేదా ఫీజు పెంచి ఇన్సూరెన్స్ తీశామంటే, మళ్లీ అదే ఫార్ములా, మూడు అంకెలు మార్చి కొట్టడమే, 16.85 కంటే పైకొస్తే బ్యాంకే. కాగితం మీద ఒకటి, ఖాతాలో పడింది ఒకటి అయితే ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా పెట్టండి, ఆయన ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ కేఎఫ్ఎస్‌లోనే ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆ మొదటి కేఎఫ్ఎస్‌ను మాత్రం వాళ్లు అడిగినా వెనక్కి ఇవ్వకండి, ఒక ఫోటో తీసి పెట్టుకోండి. 16.12 ఏపీఆర్, 2,80,000 చేతికి, ఈ రెండూ ఒకే కాగితం మీద ఉంటే అదే మీ దగ్గరున్న ఆధారం.